ఊపిరి గీతలు చివరి నుంచి గీయాలి

తెలుగు వాక్యంలో అసలు సంగతి చివర ఉంటుంది. భయపడుతూ చదివే మనిషికి ఊపిరి అయిపోయేది కూడా సరిగ్గా అక్కడే. "ఈ ఏడాది దాణా ధర పెంచడం లేదు" అనే వాక్యంలో ఆ చివరి "లేదు" గొంతులోనే ఉండిపోయిందనుకోండి. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు వినిపించేది "ఈ ఏడాది దాణా ధర పెంచడం" అన్నంతవరకే. మిగతాది వాళ్ళు తమకు తోచినట్టు పూరించుకుంటారు. ధరల విషయంలో జనానికి ఏది తోస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఉపన్యాసం కాగితం మీద గుర్తులు పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎలా పెట్టుకోవాలని అడిగితే మాత్రం, కామా దగ్గర కాస్త ఆగండి, ఫుల్‌స్టాప్ దగ్గర ఇంకాస్త ఆగండి, ముఖ్యమైన మాటల కింద గీత గీయండి అని సరిపెడతారు. ఈ సలహాతో నాకు పేచీ ఉంది. కామా కంటికోసం పెట్టింది. మన తాటాకు ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. చదివేవాడు అర్థాన్ని పట్టుకుని తనే విరుచుకునేవాడు. కామాలు అచ్చుతో పాటు వచ్చాయి, రాసేవాళ్ళు వాటిని ఇష్టం వచ్చినచోట వేస్తారు, చాలాసార్లు అసలు వేయనే వేయరు. వాటిని నమ్ముకుని ఊపిరి తీసుకుంటే ఒకచోట మాట తెగుతుంది, ఇంకోచోట గాలి చాలదు.

కొన్నేళ్ళు రేడియోలో క్యాజువల్ అనౌన్సరుగా చేశాను కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు ఉపన్యాసాల కాగితాలు పట్టుకుని నా దగ్గరకు వస్తుంటారు. వాళ్ళ కోసం నేను పాటించే పద్ధతి ఒక్కటే: వాక్యాన్ని మొదటి నుంచి కాకుండా క్రియ నుంచి వెనక్కి నడుచుకుంటూ గుర్తులు పెట్టడం. ఎందుకో చెప్పడానికి ఒక కాగితాన్ని దగ్గరగా చూపిస్తాను.

మా పక్క ఊళ్ళో మహిళా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం ఉంది. దానికి కొత్తగా అధ్యక్షురాలైన ఆవిడ వార్షిక మహాసభలో నివేదిక చదవాలి. పశువుల దగ్గర, పాలకేంద్రం దగ్గర గలగలా మాట్లాడే మనిషి. మైకు పేరెత్తగానే నోరు ఎండిపోతుంది. "అన్నయ్యా, మొదటి నాలుగు వాక్యాలు గట్టెక్కిస్తే చాలు, తర్వాత నేనే చూసుకుంటాను" అని వచ్చింది. నివేదికను సంఘం గుమాస్తా రాశాడు. అందులో ఒక వాక్యం ఇది:

"మన సంఘం గత ఆర్థిక సంవత్సరంలో రైతుల నుంచి సేకరించిన పాలలో వెన్న శాతం సగటున 6.2 ఉండగా ఈ సంవత్సరం అది 6.8కి పెరగడంతో జిల్లా యూనియన్ మనకు లీటరుకు అదనంగా చెల్లించిన సొమ్మును బోనస్ రూపంలో 143 మంది సభ్యులకు పంచాలని పాలకవర్గం తీర్మానించింది."

వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. ఒక్క కామా కూడా లేదు. ఆవిడ చదివినప్పుడు మొదట "మన సంఘం" అని ఆగింది. తర్వాత గాలి ఉన్నంతవరకు పరిగెత్తి "చెల్లించిన" దగ్గర గుక్క తిప్పుకుంది. అక్కడి నుంచి చివరిదాకా లాక్కొచ్చి "తీర్మానించింది" అన్న మాటను సగం మింగింది. ఈ మూడూ వేర్వేరు జబ్బులు.

మొదటిది చూడండి. "మన సంఘం" అని ఆగితే వినేవాడు ఆ సంఘం ఏదో చేసిందని చెప్పబోతున్నారనుకుని ఆ క్రియ కోసం కాచుకుంటాడు. వాక్యం చివరకు వచ్చేసరికి పని చేసింది పాలకవర్గం. సంఘం చేసింది పాలు సేకరించడం వరకే, అది కూడా మధ్యలో "సేకరించిన" అనే మాటలో దాక్కుని ఉంది. కాబట్టి ఆ రెండు మాటల తర్వాత ఆగడం వినేవాడిని తప్పుదారి పట్టించడమే. రెండోది, "చెల్లించిన" తర్వాత గుక్క. తెలుగులో "చెల్లించిన", "సేకరించిన", "వచ్చే", "పోసే" లాంటి మాటలు వాటి తర్వాత వచ్చే నామవాచకాన్ని పట్టుకుని ఉంటాయి. "చెల్లించిన సొమ్ము" అన్నది ఒకే ముద్ద. మధ్యలో గాలి తీసుకుంటే రెండు ముక్కలూ విడివిడిగా పడతాయి. "సంఘం ఆస్తి", "రైతు భార్య" లాంటి జంటలదీ ఇదే సంగతి.

మూడోది అన్నిటికన్నా చెడ్డది. అందుకే చివరి నుంచి మొదలుపెట్టాలంటాను.

పెన్సిలు తీసుకుని "తీర్మానించింది" దగ్గర పెట్టండి. ఒక్కో మాటా వెనక్కి జరుగుతూ, ఎక్కడ విడదీస్తే ముందుభాగం చెడకుండా నిలబడుతుందో చూడండి. "పాలకవర్గం" క్రియతోనే ఉండాలి. దానికి ముందు "పంచాలని". ఇలా "అని"తో ముగిసిన చోట చెప్పిన విషయం ఒక కొలిక్కి వస్తుంది, అక్కడ నిశ్చింతగా ఊపిరి తీసుకోవచ్చు. నేను ఊపిరికి రెండు ఏటవాలు గీతలు గీస్తాను, ఊపిరి తీసుకోకుండా ఊరికే ఆగే చోట ఒకటి. అంటే "పంచాలని // పాలకవర్గం తీర్మానించింది." ఇప్పుడు ఎంత భయపడిన మనిషైనా ఆ చివరి రెండు మాటలకు నిండు గాలితో వస్తుంది. మింగడానికి కారణం లేదు.

ఇంకా వెనక్కి వెళితే "సొమ్మును" దొరుకుతుంది. విభక్తి ప్రత్యయం చేరిన పెద్ద పదబంధం ముగిసిన చోటు కాబట్టి అక్కడ ఆగవచ్చు. దాని వెనక "పెరగడంతో", ఇంకా వెనక "ఉండగా". కారణం చెప్పి ముగించే "తో", సందర్భం చెప్పి ముగించే "గా", ఒక పని అయ్యాక ఇంకో పనికి దారితీసే "చేసి", "వచ్చి", షరతు చెప్పే "అయితే", "ఇస్తే" లాంటివి మన వాక్యాలకు సహజమైన మెట్లు. ఊపిరికి ఇవే సరైన తావులు. గుమాస్తా రాసిన వాక్యం ఇలా తయారైంది:

మన సంఘం గత ఆర్థిక సంవత్సరంలో రైతుల నుంచి సేకరించిన పాలలో / వెన్న శాతం సగటున ఆరు పాయింట్ రెండు ఉండగా //
ఈ సంవత్సరం అది ఆరు పాయింట్ ఎనిమిదికి పెరగడంతో //
జిల్లా యూనియన్ మనకు లీటరుకు అదనంగా చెల్లించిన సొమ్మును /
బోనస్ రూపంలో నూట నలభై మూడు మంది సభ్యులకు పంచాలని //
పాలకవర్గం తీర్మానించింది.

గుర్తులతో కాగితం ఎంత సరిగ్గా ఉన్నా, మొదటి వరస ఇంకా ఆవిడకు ఒక గుక్క కన్నా పెద్దది. ఇక్కడ చాలామంది ఇంకో గీత ఇరికించి ఊరుకుంటారు. నా లెక్కలో ఊపిరికి సరైన చోటు దొరకని వాక్యానికి గీత పనిచేయదు, వాక్యాన్నే విరగ్గొట్టాలి. గుమాస్తా నొచ్చుకుంటాడేమోనని ఆవిడ సందేహించింది. నివేదిక అచ్చులో ఆయన వాక్యం అలాగే ఉంటుంది, మీరు నోటితో చెప్పేది ఇది అని చెప్పి ఒప్పించాను:

గత ఏడాది మన పాలలో వెన్న / సగటున ఆరు పాయింట్ రెండు. //
ఈ ఏడాది / [ఆరు పాయింట్ ఎనిమిది]. //
వెన్న పెరిగింది కాబట్టి / జిల్లా యూనియన్ మనకు లీటరుకు ఎక్కువ ధర ఇచ్చింది. //
అలా ఎక్కువ వచ్చిన సొమ్మును / బోనస్‌గా [సభ్యులందరికీ] పంచాలని //
పాలకవర్గం తీర్మానించింది.

చదరపు బ్రాకెట్లలో ఉన్నవి నొక్కి పలకాల్సిన మాటలు. కాగితం మీద వాటి కింద గీత ఉంటుంది. వాటి సంగతికి తర్వాత వస్తాను.

ముందు గుక్క పొడవు గురించి. ఇంట్లో కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా చదువుకుని పెట్టుకున్న గుర్తులు సభలో పనికిరావు. భయపడినప్పుడు ఊపిరి పొట్టలోంచి ఛాతీ పైభాగానికి ఎక్కుతుంది, పొట్టిదవుతుంది, తొందర తొందరగా వస్తుంది. ఇంట్లో ఒక గుక్కలో వచ్చిన వరస అక్కడ సగానికే తెగుతుంది. అందుకని ఆవిడను వాళ్ళ ఇంటి మేడమెట్లు గబగబా రెండుసార్లు ఎక్కి దిగమని, వెంటనే నిలబడి చదవమన్నాను. ఆయాసం భయం ఒకటి కావు కానీ, ఊపిరికి రెండూ చేసే అన్యాయం ఇంచుమించు ఒకటే. ఆ చదువులో గాలి అయిపోయిన ప్రతిచోటా పెన్సిలుతో చుక్క పెట్టాను. చుక్క పడిన చోటు గీతకు తగిన మెట్టు కాకపోతే, దానికి ముందున్న మెట్టు దగ్గరకు వెనక్కి జరిపి గీత గీశాం. ముందుకు ఎప్పుడూ జరపకూడదు. గాలి ఇంకా కొంచెం ఉండగానే తీసుకోవాలి. పూర్తిగా అయిపోయాక తీసుకుంటే అది మైకులో "హు" అని వినిపిస్తుంది, ఆ చప్పుడు విన్న మనిషి మరింత కంగారుపడుతుంది.

ఇదే కారణంగా ఒకరి గుర్తులు ఇంకొకరికి పనికిరావు. బ్రిటన్ రాజు ఆరవ జార్జికి నత్తి ఉండేది. 1939 సెప్టెంబరు 3న, యుద్ధం ప్రకటించిన రోజు సాయంత్రం, ఆయన రేడియోలో చదివిన ప్రసంగం కాగితం మీద ఆయనకు మాట నేర్పిన లయొనెల్ లోగ్ నిలువు గీతలు గీసి ఆగే చోట్లు గుర్తించాడు. ఆ గీతలు మామూలు మనిషి చదవడానికి కావలసిన వాటికన్నా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ రాజు గొంతు ఎక్కడ పట్టేస్తుందో ఏళ్ళ తరబడి విన్నవాడు గీసినవి అవి. నత్తి ఉన్నవాళ్ళకు నా పద్ధతి సరిపోతుందని నేను చెప్పను. అది వాక్చికిత్స చేసేవాళ్ళు చూడాల్సిన విషయం, పెన్సిలు గీతలతో సరిపెట్టేది కాదు.

ఊపిరి గీతల దగ్గర ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ చెప్పగా నేను వినలేదు. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. గబగబా మాట్లాడేటప్పుడు ఆ అచ్చు తర్వాతి మాటలో కలిసిపోతుంది. "సభ్యులకు ఈ ఏడాది" అన్నది నోట్లో "సభ్యులకీయేడాది" అవుతుంది. అలా కలవడం సహజమే, తప్పు కాదు. కానీ ఆ రెండు మాటల మధ్య ఆగమని గీత ఉంటే "సభ్యులకు" అన్న మాటలో చివరి "కు" పూర్తిగా పలకాలి. అలవాటు కొద్దీ అచ్చును మింగి ఆగితే "సభ్యులక్" అని తెగుతుంది, ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది. కాబట్టి ఆగే చోట చివరి అక్షరం మీద చిన్న చుక్క పెడతాను, ఇది వదలకు అని. కలిసి రావాల్సిన మాటల కింద మాత్రం వంపు గీత గీసి రెంటినీ ముడివేస్తాను. "వెన్న పెరిగింది కాబట్టి" అన్న మూడు మాటలూ అలా ముడివేసినవే. ముడి గీతలు పెట్టడం చాలామందికి తోచదు. ఆగే గుర్తులు మాత్రమే ఉన్న కాగితం చదివే మనిషిని ప్రతి మాట దగ్గరా ఆగమన్నట్టు బెదిరిస్తుంది.

ఆగేటప్పుడు గొంతు ఎటు పోవాలన్నది కూడా గీత చెప్పదు. వాక్యం ఇంకా ఉందంటే గొంతు అదే ఎత్తున నిలబడాలి, లేదా కొంచెం పైకి లేవాలి, ముగిస్తే దిగాలి. భయపడినవాళ్ళు ప్రతి గీత దగ్గరా దించేస్తారు. "వెన్న పెరిగింది కాబట్టి" దగ్గర దించితే అక్కడికి మాట అయిపోయిందనిపిస్తుంది. అన్ని ముక్కలూ ఒకే దిగుడుతో ముగిస్తే, ఒకటో తరగతి పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంటుంది. వాక్యం మధ్యలో ఉన్న గీతలన్నిటికీ పక్కన పైకి చూసే చిన్న బాణం వేయమని నేను అనను, కాగితం నిండిపోతుంది. ఫోనులో రికార్డు చేసి, కాగితం చూడకుండా విని, ఎక్కడ వాక్యం అయిపోయిందని మోసపోయామో అక్కడ మాత్రమే బాణం వేయాలి. ఆవిడకు అలాంటివి నివేదిక మొత్తంలో కొద్ది చోట్లే వచ్చాయి.

ఇక నొక్కి పలకడం. ఇక్కడ నాకున్న అభిప్రాయం కాస్త కటువైనదే: ఒక వాక్యానికి ఒక్క గీత, అంతకు మించి వద్దు. చాలా వాక్యాలకు అదీ అక్కర్లేదు. ముఖ్యమైన మాటలకు గీత గీసుకోమంటే అందరూ పెద్ద పెద్ద మాటలను ఎంచుకుంటారు. "పాలకవర్గం", "తీర్మానం", "అభివృద్ధి", ఇలా. వినేవాడికి వాటితో పనిలేదు. సభలో ఒక సభ్యురాలు లేచి ఏమని అడుగుతుందో ఊహించుకోండి. "బోనస్ ఎక్కువ పాలు పోసేవాళ్ళకేనా?" అని అడుగుతుంది. దానికి జవాబు "అందరికీ". గీత దాని కిందే పడాలి. "ఇదెప్పుడు, వచ్చే ఏడాదా?" అని అడిగేలా ఉంటే గీత "ఈ ఏడాది" కిందకు వెళుతుంది. వాక్యం అదే, ప్రశ్న మారితే గీత మారుతుంది. ఏ ప్రశ్నకూ జవాబు కాని వాక్యానికి గీతే వద్దు.

చాలాసార్లు గీత కన్నా మాటను జరపడం మేలు. తెలుగులో క్రియకు ముందు ఆనుకుని ఉన్న చోటికి బలం ఎక్కువ. "సభ్యులందరికీ ఈ సొమ్మును బోనస్‌గా పంచుతాం" అంటే వినేవాడి చెవిలో బోనస్ నిలుస్తుంది. "ఈ సొమ్మును బోనస్‌గా సభ్యులందరికీ పంచుతాం" అంటే అందరూ అన్నది నిలుస్తుంది, గొంతు పెంచనక్కర్లేదు. భయపడిన మనిషికి ఇది పెద్ద సాయం, ఎందుకంటే నొక్కడమంటే అరవడమని వాళ్ళ భయం చెబుతుంది. అరిస్తే సభ్యులను కసిరినట్టు ఉంటుంది.

అరవకుండా నొక్కడం ఎలా? నెమ్మదించి, ఆ మాట మొదటి అక్షరాన్ని కొంచెం పైకెత్తి, దానికి ముందు ఒక లిప్తకాలం ఆగితే చాలు. సాగదీయడంలో మాత్రం జాగ్రత్త ఉండాలి. మన భాషలో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా ఉంది, "పలు" సాగితే "పాలు" అవుతుంది, "కల" సాగితే "కాల" అవుతుంది. కాబట్టి సాగదీయాలంటే ఇప్పటికే దీర్ఘం ఉన్న అక్షరాన్నే సాగదీయాలి, "అందరికీ"లో "కీ"లాగా. దీర్ఘం లేకపోతే ద్విత్వాన్ని పట్టి నిలపాలి. "ఒక్క రూపాయి కూడా మినహాయించలేదు" అన్నప్పుడు "ఒక్క"లో ఆ "క్క" దగ్గర నాలుక నిలబడితే ఎంత బలం వస్తుందో పలికి చూడండి. గీత మాట మొత్తం కింద గీయకుండా, ఆ ఒక్క అక్షరం కిందే గీయమని నేను చెప్పేది అందుకే. గీత ఎంత పొడుగుంటే మనిషి అంత గట్టిగా అరుస్తాడు.

సొమ్ము లెక్కల దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. నివేదికలో "రూ. 14,36,250" అని ఉంది. అంకెలు చూసి అప్పటికప్పుడు మాటలుగా మార్చడం భయపడిన బుర్రకు అదనపు పని. అందుకని మాటల్లోనే రాయించాను: "పద్నాలుగు లక్షల / ముప్ఫై ఆరు వేల / రెండు వందల యాభై రూపాయలు." ఒక్కో గీత దగ్గర ఆగడమే కానీ ఊపిరి లేదు, మొత్తానికి కలిపి ముందే ఒక నిండు గుక్క తీసుకోవాలి. సంఖ్య మధ్యలో ఊపిరి తీసుకుంటే వినేవాడు "పద్నాలుగు లక్షలు" అని లెక్క వేసేసుకుంటాడు, తర్వాత వచ్చిన వేలను ఏ ఖాతాలో వేయాలో తెలియదు. సభలో పైసలతో సహా చదవాలన్న నియమం ఏదీ లేకపోతే "పద్నాలుగు లక్షల పైచిలుకు" అని చెప్పి, కచ్చితమైన అంకె అచ్చులో చూసుకోమనడం నాకైతే ఇష్టం. ఆవిడ ఒప్పుకోలేదు. డబ్బు విషయంలో పైచిలుకు అన్న మాట అంటే సభ్యులు ఊరుకోరంది. అది వాళ్ళ ఊరి సంగతి, ఆవిడకే బాగా తెలుసు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు వాక్యాల్లో లేదు, మొదట్లో వచ్చే పేర్ల జాబితాలో ఉంది. "వేదికను అలంకరించిన" అని మొదలై, హోదాలతో సహా ఆరేడు పేర్లు. భయం పతాక స్థాయిలో ఉండేది మొదటి అర నిమిషంలోనే, ఆ అర నిమిషమంతా ఈ పేర్లకే పోతుంది. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు "గారికి". పేరు గట్టిగా చెప్పి, గాలి చాలక "గారికి"ని మింగితే అది అగౌరవంగా వినిపిస్తుంది. పేరు మరిచిపోయినా క్షమిస్తారు గాని, గారు తగ్గితే క్షమించరు. అందుకని ఒక్కో పేరుకు ఒక్కో వరస, ప్రతి వరసా "గారికి"తో ముగియాలి, ఊపిరి ఆ తర్వాతే. హోదాను ముందు వరసలో, పేరును తర్వాతి వరసలో రాయకూడదు; రెండూ ఒకే వరసలో పట్టకపోతే హోదాను కుదించాలి. జాబితాకు ముందు, అసలు నోరు తెరవక ముందు, కాగితం మీద అన్నిటికన్నా పైన రెండు గీతలు ఉండాలి. మైకు ముందుకు వచ్చీ రాగానే మాట్లాడేవాళ్ళు మొదటి పేరుకే గుక్క తిప్పుకుంటారు.

పెద్ద ఆగుడుల గురించి ఒక మాట. వాటి దగ్గర "మూడు లెక్కపెట్టండి" అని రాయడం దండగ. భయంలో మూడు లెక్కపెట్టడానికి అర సెకను పట్టదు. దాని బదులు చేయాల్సిన పని రాయాలి. నేను "చూపు" అని రాస్తాను. పెదవులు మూసి, తలెత్తి, చివరి వరసలో ఒకరిని చూసి, ముక్కుతో గాలి తీసుకుని, మళ్ళీ కాగితంలోకి రావడం. ఇవన్నీ చేసేసరికి ఆగాల్సినంత సేపు తనంతట తానే అవుతుంది. పెదవులు మూయమనడం ఎందుకంటే, నోరు తెరిచి ఆగినవాళ్ళ నోట్లోంచి "ఆ", "మరి", "అంటే" తప్పకుండా రాలతాయి. "చూపు" అన్న మాట ప్రతి పేరాకు ఒకటి చాలు. నివేదికలో పెద్ద సంగతులు ఎన్ని ఉంటే అన్ని.

ఇవన్నీ మోసే కాగితం కూడా సహకరించాలి. ఊపిరి గీత ఉన్నచోట వరస ముగియాలి, అప్పుడు కన్నే గుర్తును చూస్తుంది. విన్‌స్టన్ చర్చిల్ ఉపన్యాసాలను ఆయన కార్యదర్శులు పద్యపాదాల్లా చిన్న చిన్న వరసలుగా విరిచి టైపు చేసేవారు. ఆయన పేరుమోసిన వక్త, అయినా ఆ పద్ధతి వదల్లేదు. మన విషయానికి వస్తే, పెద్ద అక్షరాలు, కాగితానికి ఒకవైపే రాత, వాక్యం మధ్యలో పేజీ తిరగకూడదు. కింది మూడో వంతు ఖాళీగా వదలాలి. కాగితం అడుగున ఉన్న వరసలు చదవడానికి తల వంచితే గొంతు మడతపడి, మైకుకు దూరమై, అప్పటిదాకా కాపాడుకుంటూ వచ్చిన క్రియలే మళ్ళీ మాయమవుతాయి.

ఇన్ని గుర్తులు పెడితే సహజంగా ఉంటుందా, మనసులోంచి వచ్చినట్టు మాట్లాడమనక ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్ళున్నారు. మనసులోంచి మాట్లాడగలిగితే మైకు అంటే భయపడరు గదా! మహాసభ నివేదిక లాంటిది చదివే తీరాలి కూడా. అయితే వాళ్ళ అనుమానంలో సగం నిజం ఉంది. గుర్తులు ఎక్కువైతే మనిషి విషయాన్ని వదిలి గుర్తులనే చదువుతుంది, ఆ మాటల్లో జీవం ఉండదు. ఎక్కువయ్యాయని ఎలా తెలుస్తుందంటే, ఒక పేరా చదివాక కాగితం మూసి "ఇప్పుడేం చెప్పారమ్మా?" అని అడగాలి. చెప్పగలిగితే గుర్తులు సరిపడా ఉన్నాయి. తడబడితే కొన్ని చెరిపేయాలి. పెన్నుతో కాకుండా పెన్సిలుతో పెట్టమనేది దీనికోసమే.

చెరపడానికి కూడా వరస ఉంది. మొదట నొక్కే గీతలు పోవాలి, తర్వాత ఊరికే ఆగే ఒంటి గీతలు. రెండేసి గీతల జోలికి, అందులోనూ క్రియకు ముందున్న వాటి జోలికి పోకూడదు. ఆవిడ సభకు ముందు రోజు సాయంత్రం కాగితం తెచ్చి చూపించింది. ఒంటి గీతలు సగానికి పైగా లేవు, నొక్కే గీతల్లో "అందరికీ", "ఆరు పాయింట్ ఎనిమిది" ఉంచుకుని మిగతావి తీసేసింది. దాణా ధర వాక్యం మాత్రం రెండు వరసలుగా రాసుకుని, "పెంచడం లేదు" అన్నదాన్ని కింది వరసలో విడిగా పెట్టి, దాని ముందు రెండు గీతలను ఒకటికి రెండుసార్లు దిద్దింది. "దీన్ని చెరపమనకు అన్నయ్యా, ఇది వినబడకపోతే సాయంత్రానికి మా ఇంటి ముందు గొడవే" అంది. నేను చెరపమనలేదు.